ఆగిన బండి, ఆరిన పెట్రోలు

నాలుగు నెలలు వసారాలో నిలబడిపోయిన పాత స్ప్లెండర్ రెండు రకాలుగా మొరాయిస్తుంది. మొదటి రకం బండి చోక్ వేస్తే స్టార్ట్ అవుతుంది, చోక్ తీయగానే ఆగిపోతుంది. రెండో రకం బండి అసలు అందుకోనే అందుకోదు. కిక్ కొట్టేకొద్దీ పెట్రోలు వాసన గుప్పుమంటుంది, ఇంజిను పక్కన వేలాడే సన్నటి గొట్టంలోంచి బొట్లు కారి నేల తడుస్తుంది. ఒకదానికి పెట్రోలు చాలక, ఇంకోదానికి ఎక్కువై ఈ పాట్లు. ఈ రెండు వ్యతిరేక రోగాలకూ మూలం చాలాసార్లు ఒకటే: కార్బొరేటర్ అడుగు గిన్నెలో నిలిచిపోయిన పాత పెట్రోలు.

2020 ఏప్రిల్ 1న బీఎస్-6 నిబంధనలు వచ్చాక మన దేశంలో కొత్త బైకుల్లో చాలావాటికి కార్బొరేటర్ పోయి ఫ్యూయెల్ ఇంజెక్షన్ వచ్చింది. అంతకుముందు అమ్ముడైన బళ్లు మాత్రం ఇప్పటికీ పొలాల గట్ల మీద, పాలకేంద్రాల దగ్గర, సంతల్లో తిరుగుతూనే ఉన్నాయి. వాటిలో ఎక్కువ మందికి పరిచయమైనది 1994లో వచ్చిన 97.2 సీసీ హీరో హోండా స్ప్లెండర్. పిల్లలు కారు కొన్నాక, పెద్దాయనకు మోకాళ్ల నొప్పులు మొదలయ్యాక ఇంటి ముందు నెలల తరబడి ఆగిపోయేదీ తరచుగా అదే. అందుకే ఇక్కడ దాన్నే ఉదాహరణగా తీసుకుందాం. స్లైడ్ రకం కార్బొరేటర్ ఉన్న మిగతా 100, 125 సీసీ బళ్లలోనూ సంగతి ఇంచుమించు ఇదే.

స్ప్లెండర్‌లో పెట్రోలును తోసే పంపు లేదు. ట్యాంకు పైన, కార్బొరేటర్ కింద. కాక్ తెరిస్తే పెట్రోలు తన బరువుతోనే దిగుతుంది. దిగేది ఎక్కడ ఆగాలో చెప్పడానికి కార్బొరేటర్ అడుగున ఉండే గిన్నెలో ఒక ఫ్లోట్ తేలుతుంటుంది. ఇంటి మీది నీళ్ల ట్యాంకులో బంతి పైకి లేచి కొళాయిని మూసినట్టే, పెట్రోలు మట్టం పెరిగేకొద్దీ ఫ్లోట్ లేచి ఒక చిన్న నీడిల్‌ను పైకి నెడుతుంది. ఆ నీడిల్ మొన వచ్చే దారిని మూసేస్తుంది. ఇంజిను తాగేకొద్దీ మట్టం తగ్గి మళ్లీ తెరుచుకుంటుంది. ఈ గిన్నెలో పట్టే పెట్రోలు చిన్న టీ గ్లాసు కూడా నిండనంత. బండి పాట్లన్నీ ఆ కొంచెంలోనే ఉన్నాయి.

గిన్నెలోని పెట్రోలు ఇంజినుకు రెండు ఇత్తడి జెట్ల గుండా వెళ్తుంది. యాక్సిలేటర్ బాగా తిప్పినప్పుడు పనిచేసేది మెయిన్ జెట్. యాక్సిలేటర్ వదిలేసి బండి నిలకడగా కొట్టుకుంటున్నప్పుడు పనిచేసేది స్లో జెట్, దీన్నే పైలట్ జెట్ అని కూడా అంటారు. 100 సీసీ బళ్లలో స్లో జెట్ రంధ్రం మిల్లీమీటరులో మూడో వంతు నుంచి రెండో వంతు మధ్య ఉంటుంది, మెయిన్ జెట్‌ది దానికి ఇంచుమించు రెట్టింపు. పాత పెట్రోలు ముందు ఏ రంధ్రాన్ని మూస్తుందో దీన్నిబట్టే తెలుస్తుంది.

పెట్రోలు ఒకే పదార్థం కాదు, తేలికవీ బరువైనవీ కలిసిన అనేక హైడ్రోకార్బన్ల మిశ్రమం. చల్లటి ఇంజిను మొదటి కిక్‌కే అందుకోవాలంటే త్వరగా ఆవిరయ్యే తేలిక భాగాలు కావాలి. గిన్నెకు గాలి గొట్టం తెరిచే ఉంటుంది కాబట్టి బండి ఆగి ఉన్నప్పుడు ముందుగా ఎగిరిపోయేవి అవే. మన ఎండాకాలంలో ఇది కొన్ని వారాల పని. మిగిలిన బరువైన భాగం గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి మెల్లగా చిక్కబడుతుంది, మొదట జిగురుగా, తర్వాత వార్నిష్ పొరగా మారుతుంది. కాక్ మూయకపోతే మరీ కష్టం. ఆవిరైన మేరకు పైనుంచి కొత్త పెట్రోలు దిగుతుంది, అదీ ఆవిరవుతుంది, ప్రతిసారీ కొంత జిగురు గిన్నెలో మిగిలిపోతుంది. కాక్ మూసి పెట్టిన బండిలో ఒక గిన్నెడు పెట్రోలు ఆరిన జిగురే ఉంటుంది, తెరిచి వదిలేసిన బండిలో చాలా గిన్నెల జిగురు పేరుకుంటుంది.

ఇప్పటి పెట్రోలులో ఇథనాల్ కూడా ఉంది. సగటున 10 శాతం కలపడం 2022లో సాధ్యమైంది, 20 శాతం కలిపిన పెట్రోలు 2023 నుంచి బంకుల్లోకి రావడం మొదలైంది. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. నీరు ఒక హద్దు దాటితే ఇథనాల్‌తో కలిసి పెట్రోలు నుంచి విడిపోయి అడుగుకు దిగుతుంది. గిన్నెలో జెట్లు ఉండేది కూడా అడుగునే. ఆ నీరు తగిలిన చోట లోహం మీద తెల్లటి పొడి లాంటి తుప్పు లేస్తుంది. పాత బళ్ల రబ్బరు భాగాలను ఇంత ఇథనాల్‌ను దృష్టిలో పెట్టుకుని చేయలేదు, కొన్ని ఉబ్బుతాయి, కొన్ని గట్టిపడతాయి. అయితే నెపమంతా ఇథనాల్ మీదికి నెట్టడం సరికాదు. ఇథనాల్ కలపని రోజుల్లోనూ ఆగిన బళ్లకు జెట్లు మూసుకుపోయేవి. ఇక మన ఊళ్లలో ట్యాంకులోకి చేరే నీటిలో పెద్ద వాటా, వసారా చూరు కింద తడుస్తూ నిలబడ్డ బండి ట్యాంకు మూత సందులోంచి దిగిన వాననీరే.

ఇప్పుడు ఒక బండిని ఊహించుకుందాం. జూన్‌లో తొలకరికి ముందు కాక్ తెరిచే ఉంచి ఆపేశారు. దసరాకు ఇంటికొచ్చిన కొడుకు బయటికి తీశాడు. ఇరవై కిక్కులు కొట్టి, అలిసిపోయి, మెకానిక్‌కు ఫోన్ చేసే బదులు అతను మొదట చేయాల్సింది ఒకటుంది. కాక్ మూసి, గిన్నె అడుగున ఉండే డ్రెయిన్ స్క్రూను కొద్దిగా వదులు చేసి, కారేదాన్ని ఒక గాజు సీసాలో పట్టాలి. ఇంజిను చల్లగా ఉండాలి, చుట్టుపక్కల బీడీ, దీపం, పొయ్యి ఏవీ ఉండకూడదు.

ఆ సీసాలోనే సగం జబ్బు కనిపిస్తుంది. ఏమీ కారకపోతే గిన్నె ఎండిపోయింది, లేదా పైనుంచి పెట్రోలు దిగడమే లేదు. అప్పుడు కాక్ తెరిచి చూడాలి. అయినా రాకపోతే కాక్ లోపలి జాలీ మూసుకుపోయి ఉండాలి, లేదా నీడిల్ జిగురుకు అంటుకుని మూసుకునే ఉండిపోయి ఉండాలి. ముదురు రంగులో, పెట్రోలు వాసన పోయి రంగు డబ్బా మూత తీసినట్టు ఘాటుగా కొడుతూ కారితే జిగురు పట్టిందని అర్థం. సీసా అడుగున వేరుగా తిరిగే గుండ్రటి బొట్లు కనిపిస్తే అది నీరు. లేత రంగులో, మంచి వాసనతో ధారగా వస్తే మాత్రం కార్బొరేటర్ విప్పే ముందు ప్లగ్ చూడాలి.

ప్లగ్ విప్పి చూస్తే రెండో సగం తెలుస్తుంది. అన్ని కిక్కులు కొట్టినా ప్లగ్ మొన పొడిగా ఉంటే ఇంజినుకు పెట్రోలు అందడం లేదు. తడిగా, వాసనతో మెరుస్తుంటే ఎక్కువైంది. ఇక్కడ చాలామంది తొందరపడతారు. ప్లగ్ తడిసినంత మాత్రాన కార్బొరేటర్ పాడైందని కాదు. చోక్ వేసి అదే పనిగా కిక్ కొడితే మంచి కార్బొరేటర్ ఉన్న బండి ప్లగ్ కూడా తడుస్తుంది. అది మనిషి చేసిన ఫ్లడింగ్. కాక్ మూసి, చోక్ తీసి, ఇగ్నిషన్ ఆపి, యాక్సిలేటర్ పూర్తిగా తిప్పి పట్టుకుని ఎనిమిది పది కిక్కులు కొడితే లోపలి పెట్రోలు ఆవిరై బయటికి పోతుంది. ప్లగ్‌ను తుడిచి ఆరబెట్టి బిగిస్తే బండి అందుకోవచ్చు.

కిక్ కొట్టకుండానే, కాక్ తెరిచిన రెండు మూడు నిమిషాలకు ఓవర్‌ఫ్లో గొట్టం నుంచి బొట్లు పడుతుంటే తప్పు బండిదే. నీడిల్ మొనకూ అది కూర్చునే రంధ్రానికీ మధ్య ఇసుక రేణువంత మురికి గానీ జిగురు పొర గానీ చేరితే చాలు, దారి పూర్తిగా మూసుకోదు. గిన్నె నిండి, మట్టం పెరిగి, మిగులు ఆ గొట్టం గుండా బయటికి పోతుంది. బయటికి పోవడమే నయం. నెలల తరబడి కదలని బండి గొట్టాల్లో కుమ్మరి పురుగు మట్టి గూడు కట్టడం ఊళ్లలో కొత్తేమీ కాదు. ఆ గొట్టం మూసుకుంటే మిగులు పెట్రోలు ఇంజినులోకే దిగుతుంది, పిస్టన్ రింగుల పక్కనుంచి జారి ఆయిల్‌లో కలుస్తుంది. ఆయిల్ మట్టం పెరిగి ఉన్నా, ఆయిల్ పెట్రోలు వాసన కొట్టినా అలాగే నడపకూడదు, మార్చేయాలి. కిక్ రాడ్డు మధ్యలో రాయికి తగిలినట్టు ఆగిపోతే బలంగా తొక్కకూడదు. సిలిండర్‌లో ద్రవం నిండి ఉండవచ్చు, ద్రవం నొక్కుడుకు లొంగదు. ప్లగ్ విప్పి మెల్లగా తిప్పి బయటికి పంపాలి.

దసరా బండి విషయంలో సీసాలో ముదురు రంగు పెట్రోలు వచ్చింది, ప్లగ్ పొడిగా ఉంది అనుకుందాం. పాతది పారబోసి, ట్యాంకులోనూ కొత్త పెట్రోలు నింపి, చోక్ వేస్తే అందుకుంది. చోక్ తీస్తే ఆగిపోతోంది. యాక్సిలేటర్ ఇస్తూ ఉంటే కొట్టుకుంటోంది, వదిలితే చచ్చిపోతోంది. ఇది స్లో జెట్ మూసుకుపోయిన బండి. యాక్సిలేటర్ వదిలినప్పుడు కార్బొరేటర్‌లోని స్లైడ్ దాదాపు మూసుకుంటుంది. అప్పుడు ఇంజినుకు పెట్రోలు వచ్చే ప్రధానమైన దారి స్లో జెట్ ఒక్కటే. చోక్ వేస్తే వెనక నుంచి గాలి రావడం తగ్గి లోపల పీల్పు పెరుగుతుంది, ఆ పీల్పుకు మెయిన్ జెట్ నుంచి కూడా పెట్రోలు పైకి లేస్తుంది. అందుకే బండి చోక్ మీద బతుకుతుంది. కొందరు ఐడిల్ స్క్రూ బిగించి స్పీడు పెంచి ఇలాగే తిప్పేస్తుంటారు. సిగ్నల్ దగ్గర ఆగదు, నిజమే. కానీ స్లైడ్‌ను పైకెత్తి మెయిన్ జెట్ పెట్రోలుతో నెట్టుకొస్తున్న ఆ బండి మైలేజీని అడక్కపోవడమే మేలు.

ఇక విప్పుడు. కాక్ మూసి, పెట్రోలు గొట్టం తీసేయాలి. కార్బొరేటర్‌ను ఇంజినుకు పట్టే రెండు బోల్టులు, ఎయిర్ ఫిల్టరు వైపు గొట్టానికి ఉండే క్లాంపు వదులు చేస్తే అది కదులుతుంది. పైమూత మర తిప్పితే స్లైడ్, దానికి వేలాడే సన్నటి సూది కేబుల్‌తో సహా పైకొస్తాయి. వాటిని వంగకుండా గుడ్డలో చుట్టి పక్కన కట్టేసుకోవాలి. గిన్నె స్క్రూలు మెత్తటివి, స్క్రూడ్రైవరు సరిగ్గా కూర్చోకపోతే తల అరిగిపోయి ఇక అవి రావు. గిన్నె తీశాక ఫ్లోట్‌ను పట్టే చిన్న పిన్నును నెమ్మదిగా తోసి ఫ్లోట్, నీడిల్ బయటికి తీయాలి. కింద తెల్లటి గుడ్డ పరిస్తే జారిపడ్డవి దొరుకుతాయి.

మధ్యలో నిలబడి కనిపించే పెద్దది మెయిన్ జెట్. దాని పక్కనే లోతైన రంధ్రంలో దాక్కున్నది స్లో జెట్. దీన్ని తిప్పడానికి సన్నటి చదునైన స్క్రూడ్రైవరు కావాలి, అది కూడా జెట్ గాడి వెడల్పుకు సరిపోయేది. ఇత్తడి మెత్తన. చిన్న స్క్రూడ్రైవరుతో బలవంతం చేస్తే గాడి చెదిరిపోయి, ఉన్న జబ్బుకు ఇంకో జబ్బు తోడవుతుంది. బిగుసుకుని ఉంటే కార్బొరేటర్ క్లీనర్ చల్లి అరగంట వదిలేయాలి. కొన్ని కార్బొరేటర్లలో స్లో జెట్‌ను ఊడి రాకుండా లోపలికి నొక్కేసి ఉంచుతారు. గాడి కనిపించకపోతే అలాంటిదే అనుకుని లోపలే శుభ్రం చేయాలి తప్ప పీకకూడదు.

తీసిన జెట్‌ను ఆకాశం వైపు పట్టి కంటి దగ్గర పెట్టుకుని చూడాలి. గుండ్రటి వెలుగు చుక్క స్పష్టంగా కనిపించాలి. చుక్క లేకపోతే మూసుకుపోయింది. చుక్క అంచు గరుకుగా ఉంటే సగం మూసుకుంది. సగం మూసుకున్న జెట్టే ఎక్కువ మోసం చేస్తుంది, బండి ఒకరోజు బాగుంటుంది, మర్నాడు ఆగిపోతుంది. జెట్లను చిన్న మూత గల గాజు సీసాలో కార్బొరేటర్ క్లీనర్ పోసి నానబెట్టాలి. తేలికపాటి జిగురుకు గంట చాలు, వార్నిష్‌లా ఆరిపోయిందానికి ఒక రాత్రి పడుతుంది. ఆ తర్వాత టూత్‌బ్రష్ నుంచి ఒక్క నైలాన్ వెంట్రుక కత్తిరించి దూర్చితే మెత్తబడిన జిగురు బయటికొస్తుంది. స్లో జెట్ పక్క గోడల మీద ఉండే చిన్న చిన్న రంధ్రాలు గాలిని కలపడానికి, వాటినీ వదలకూడదు.

మెకానిక్ షెడ్డుల్లో కనిపించే ఒక అలవాటు గురించి ఇక్కడ కొంచెం ఆగి చెప్పుకోవాలి. జెట్ మూసుకుంటే చేతికందిన ఉక్కు తీగో గుండుసూదో దూర్చి తిప్పేస్తారు. బండి అప్పటికప్పుడు స్టార్ట్ అవుతుంది, బేరం కుదురుతుంది. కానీ రంధ్రం 0.35 మిల్లీమీటర్లది 0.40 అయిందనుకోండి. పెరిగింది వెంట్రుకవాసి కన్నా తక్కువే. రంధ్రం వైశాల్యం మాత్రం వ్యాసం వర్గాన్ని బట్టి పెరుగుతుంది, అంటే దాదాపు 30 శాతం ఎక్కువ. అక్కడి నుంచి ప్లగ్ నల్లబడటం, పొగ వాసన, మైలేజీ పడిపోవడం. ఆ జెట్‌ను ఇక ఏ ట్యూనింగూ బాగుచేయదు, అదే నంబరున్న కొత్త జెట్ వేయాల్సిందే. నంబరు జెట్ మీదే చెక్కి ఉంటుంది. తీగ తప్పదనుకుంటే రంధ్రం కన్నా బాగా సన్నదైన రాగి పోగు ఒక్కటి, అదీ తిప్పకుండా నేరుగా దూర్చి తీయాలి. రాగి ఇత్తడి కన్నా మెత్తన.

జెట్లు మెరిసినంత మాత్రాన పని అయిపోలేదు. స్లో జెట్ నుంచి ఇంజిను వైపు పోయే సన్నటి దారి కార్బొరేటర్ ఒంట్లోనే తొలిచి ఉంటుంది, జిగురు అక్కడా పడుతుంది. దాన్ని తెరవాలంటే ఎయిర్ స్క్రూ తీయాలి. తీసే ముందు దాన్ని మెల్లగా లోపలికి బిగిస్తూ, తగిలేవరకు ఎన్ని చుట్లు పట్టిందో లెక్కపెట్టి రాసుకోవాలి. ఒకటిన్నర చుట్లు, రెండు చుట్లు, ఏదైనా సరే, మళ్లీ బిగించేటప్పుడు మొదలుపెట్టాల్సింది ఆ లెక్క దగ్గరే. స్క్రూతో పాటు స్ప్రింగూ, కొన్నిట్లో సన్నటి వాషరూ రబ్బరు రింగూ వస్తాయి. రబ్బరు భాగాలన్నీ తీసేశాకే క్లీనర్ చల్లాలి, లేకపోతే అవి ఉబ్బిపోతాయి. స్లో జెట్ కూర్చునే రంధ్రంలో చల్లితే, స్లైడ్ కూర్చునే చోటుకు ఇంజిను వైపున్న సూదిమొనంత రంధ్రంలోంచి ద్రవం చిమ్మాలి. చిమ్మితే దారి తెరుచుకున్నట్టు. కళ్లద్దాలు పెట్టుకోకుండా ఈ పరీక్ష చేయకూడదు, అనుకోని రంధ్రంలోంచి నేరుగా కంట్లోకే కొడుతుంది. చివర్లో పంక్చర్ షాపు గాలితో ఊదించుకుంటే మంచిదే, ఫ్లోట్, నీడిల్ మాత్రం అప్పటికి బయటే ఉండాలి.

తిరిగి బిగించే ముందు నీడిల్‌ను ఒకసారి చూడాలి. మొన చుట్టూ గోటికి తగిలే గాడి పడి ఉంటే ఎంత కడిగినా కారుతుంది, మార్చాలి. ఫ్లోట్‌ను చెవి దగ్గర ఆడించి వినాలి. లోపల పెట్రోలు కదులుతున్న చప్పుడు వస్తే అది చిల్లుపడి మునుగుతోందన్నమాట. రెండూ బాగుంటే బిగించి, కార్బొరేటర్‌ను తలకిందులుగా పట్టుకుని, పెట్రోలు వచ్చే మూతికి శుభ్రమైన గొట్టం తగిలించి నోటితో మెల్లగా ఊదాలి. ఫ్లోట్ బరువుకు నీడిల్ మూసుకుని గాలి ఆగాలి. తిన్నగా తిప్పితే గాలి పోవాలి. తలకిందులుగా ఉన్నప్పుడూ గాలి పోతోందంటే, బండికి బిగించాక గొట్టం కారడం ఖాయం. అదంతా మళ్లీ విప్పే శ్రమ ఈ ఒక్క ఊదుడుతో తప్పుతుంది.

బిగించాక కాక్ తెరిచి వెంటనే కిక్ కొట్టకుండా, రెండు మూడు నిమిషాలు ఓవర్‌ఫ్లో గొట్టం కింద చూడాలి. పొడిగా ఉంటే స్టార్ట్ చేసి, నాలుగైదు కిలోమీటర్లు తిప్పి ఇంజిను వేడెక్కనివ్వాలి. చల్లటి ఇంజిను మీద చేసే ట్యూనింగ్ నిలవదు. వేడెక్కాక ఎయిర్ స్క్రూను రాసుకున్న లెక్క నుంచి పావు చుట్టు చొప్పున అటూ ఇటూ తిప్పుతూ ఇంజిను ఎక్కడ ఎక్కువ వేగంగా, ఒకేలా కొట్టుకుంటుందో అక్కడ ఆపాలి. ఆ తర్వాత ఐడిల్ స్క్రూతో వేగం తగ్గించాలి. స్ప్లెండర్‌కు నిమిషానికి సుమారు 1400 చుట్లు. స్క్రూ ఎయిర్ ఫిల్టరు వైపు ఉంటే బయటికి తిప్పినకొద్దీ గాలి పెరుగుతుంది. ఇంజిను వైపు ఉంటే బయటికి తిప్పినకొద్దీ పెట్రోలు పెరుగుతుంది. ఈ తేడా తెలియక ఒక బండి అలవాటును ఇంకో బండి మీద ప్రయోగించి చెడగొట్టేవాళ్లున్నారు.

ఇంత చేసినా ఆగిపోతుంటే ఆగే తీరు గమనించాలి. రెండు మూడు కిలోమీటర్లు బాగా పోయి, ఆగి, కాసేపటికి మళ్లీ స్టార్ట్ అవుతుంటే ట్యాంకు మూతలోని గాలి రంధ్రం చూడాలి. అది మూసుకుంటే పైనుంచి గాలి చేరక పెట్రోలు దిగడం ఆగిపోతుంది. ఆగిన వెంటనే మూత తెరిచినప్పుడు గాలి పీల్చుకున్న చప్పుడు వచ్చి, బండి మళ్లీ అందుకుంటే అనుమానం తీరినట్టే. కడిగిన వారానికే జెట్ మళ్లీ మూసుకుంటే మురికి పైనుంచి వస్తోంది. టార్చి వేసి ట్యాంకు లోపల ఎర్రటి తుప్పు ఉందేమో చూడాలి, కాక్ జాలీ కడగాలి. విప్పి బిగించాకే ఐడిల్ తప్పిందంటే, కార్బొరేటర్‌కు ఇంజినుకు మధ్య రింగు సరిగ్గా కూర్చోక పక్కనుంచి గాలి పీలుస్తూ ఉండవచ్చు.

బండిని మళ్లీ నెలల పాటు ఆపాల్సి వస్తే, నడుస్తుండగానే కాక్ మూసి, ఇంజిను దానంతట అది ఆగేవరకు వదిలేయాలి. కొన్ని నిమిషాలు పడుతుంది. అప్పటికీ గిన్నె అడుగున కొంచెం మిగులుతుంది, డ్రెయిన్ స్క్రూ వదులు చేసి అదీ వంపేయాలి. ఇనుప ట్యాంకును సగం నింపి వదిలితే పైభాగంలో తేమ చేరి తుప్పు పడుతుంది. నిండుగా ఉంచడమో, పూర్తిగా వంపి ఆరబెట్టడమో చేయాలి. కొన్ని స్కూటర్లలో, కొన్ని బైకుల్లో చేత్తో తిప్పే కాక్ ఉండదు, ఇంజిను తిరిగినప్పుడు మాత్రమే తెరుచుకునే వాక్యూమ్ కాక్ ఉంటుంది. వాటికి డ్రెయిన్ స్క్రూ ఒక్కటే దారి.